మామిడి ఒరుగులు ఎండలో పెట్టాలా? ఓవెన్‌లోనా? గాలి దుమారం వచ్చినప్పుడు ముక్కలు బూజు పట్టకుండా ఇలా చేయండి!

ఏప్రిల్, మే వచ్చిందంటే సూర్యాపేట జిల్లాలో ఎండ మామూలుగా ఉండదు. నడిగూడెం, కోదాడ వైపు మధ్యాహ్నం డాబా మీద కాలు పెట్టలేం. మామిడి ఒరుగులకు ఇదే సరైన టైమ్. కానీ ఇక్కడే ఓ చిక్కు ఉంది. సాయంత్రం గాలి దుమారం లేస్తే చెట్టు కింద పచ్చికాయలు కుప్పలుగా రాలతాయి. దెబ్బ తగిలిన కాయ రెండు, మూడు రోజులు కూడా ఆగదు. వెంటనే కోసి ఆరబెట్టాలి. తీరా చూస్తే తెల్లారి మబ్బు!

అంటే కాయలు ఇచ్చిన గాలివానే ఎండను పట్టుకుపోతుంది. మరి ఇంట్లో ఓవెన్ ఉంది కదా, అందులో పెట్టేస్తే సరిపోతుందా? సరిపోతుంది కానీ.. ఎండకు బదులుగా కాదు, ఎండ మొదలుపెట్టిన పనిని పూర్తి చేయడానికి. ఎందుకో చూద్దాం.

వేడి ఒక్కటే చాలదు

ముక్క ఎండాలంటే రెండు పనులు జరగాలి. లోపలి నీరు పైకి రావాలి. పైకి వచ్చిన నీటిని గాలి మోసుకుపోవాలి. మన ఎండాకాలంలో వేడితో పాటు పొడిగాలి కూడా ఉంటుంది కాబట్టి ఈ రెండూ వాటంతటవే జరిగిపోతాయి.

ఓవెన్ సంగతి వేరు. తలుపు మూసి పెడితే ముక్కల్లోంచి వచ్చిన ఆవిరి లోపలే తిరుగుతుంది. ముక్కలు ఎండవు, ఉడుకుతాయి. పోనీ తొందరగా అయిపోవాలని 100 డిగ్రీలు పెడితే ఇంకో సమస్య. పైపొర గట్టిపడిపోయి లోపలి నీటికి దారి మూసుకుపోతుంది. చేతికి గలగలలాడుతూ కనిపిస్తుంది కానీ లోపల తడి అలాగే ఉంటుంది. డబ్బాలో పెట్టిన వారం, పది రోజులకు బూజు వచ్చేది ఇందుకే.

కాంట చెప్పే లెక్క

ముక్క ఎండిందో లేదో కంటితో చెప్పడం కష్టం. వంటింటి కాంట ఉంటే సులువు. తొక్క, టెంక తీసేశాక కేజీ ముక్కలు వచ్చాయనుకుందాం. పచ్చి మామిడిలో సుమారు 88 శాతం నీరే. అంటే కేజీలో 880 గ్రాములు నీరు, మిగిలిన అసలు సరుకు 120 గ్రాములే. నిల్వ ఉండాలంటే ఎండిన ముక్కలో 10 శాతానికి మించి తడి ఉండకూడదు. ఆ లెక్కన కేజీ ముక్కలు చివరికి 130 నుంచి 140 గ్రాములకు రావాలి. 200 గ్రాముల దగ్గరే ఆపేసి డబ్బాలో పోస్తే చెడిపోయినట్టే.

ఉప్పు కలిపి ఆరబెడితే దాని బరువు కూడా తోడవుతుంది. అప్పుడు వేరే గుర్తు పెట్టుకోండి. ఇవాళ సాయంత్రం, రేపు సాయంత్రం బరువు చూడండి. మంచి ఎండలో పెట్టినా తేడా రాలేదంటే ఎండినట్టే.

మొదటి రోజు ఎండకే వదిలేయండి

ముక్కలు అర సెంటీమీటరు మందంలో, అన్నీ ఒకేలా కోయాలి. కొన్ని లావు, కొన్ని సన్నం అయితే సన్నవి నల్లబడేసరికి లావువి ఇంకా పచ్చిగానే ఉంటాయి. నేల మీద కంటే మంచం మీద పలుచని నూలు బట్ట పరిచి ఆరబెడితే మంచిది. కింది నుంచి కూడా గాలి ఆడుతుంది. పైన దోమతెర కప్పితే ఈగలు, దుమ్ము పడవు. మధ్యాహ్నం ఒకసారి తిరగేయాలి. పొద్దు గూకకముందే ఇంట్లోకి తీసుకురావాలి. లేదంటే రాత్రి చల్లగాలిలోని తేమను మళ్లీ పీల్చుకుంటాయి.

40 డిగ్రీలు దాటే ఎండల్లో మూడు, నాలుగు రోజుల్లో ఒరుగులు తయారవుతాయి.

మబ్బు పట్టిందా? అప్పుడు ఓవెన్

ఒక రోజు ఎండిన తర్వాత కాంట వేస్తే కేజీ కాస్తా 500 గ్రాములు అయిందనుకుందాం. ఇంకా 360 గ్రాములకు పైగా నీరు పోవాలి. ఇంతలో మబ్బు కమ్మింది. ఆ రాత్రి ముక్కలను ఫ్యాన్ కింద పరచండి. కుప్ప పోశారంటే పొద్దున్నకు జిగురు పట్టి పులిసిన వాసన వస్తుంది.

తెల్లారి కూడా ఎండ లేకపోతే ఓవెన్‌ను 60 డిగ్రీల దగ్గర పెట్టండి. ఫ్యాన్ మోడ్ ఉంటే ఆన్ చేయండి. ముక్కలు ఒకే వరుసలో పరిచి, తలుపు సందులో చెక్క గరిటె పెట్టి రెండు వేళ్ల సందు వదలండి. ఆవిరి పోవడానికి దారి అదే. గంటకోసారి ట్రే తిప్పాలి. తలుపు తెరిచి ఉంటుంది కాబట్టి పిల్లలను దగ్గరకు రానివ్వొద్దు. సగం ఎండినవి కాబట్టి దాదాపు నాలుగు నుంచి ఆరు గంటల్లో పని అయిపోతుంది.

మీ ఓవెన్ 100 డిగ్రీల నుంచే మొదలవుతుందా? అయితే ఒరుగులకు వాడకండి. మైక్రోవేవ్ కూడా వద్దు, ముక్క ఒకచోట మాడి ఇంకోచోట పచ్చిగా ఉంటుంది.

మరి మొదటి నుంచీ ఓవెనే పెడితే?

కరెంటు లెక్క చూడండి. 1400 వాట్ల ఓవెన్‌లో రాడ్ సగం సేపే వెలిగినా గంటకు 0.7 యూనిట్లు. సగం ఎండిన ముక్కలకు ఐదు గంటలంటే మూడున్నర యూనిట్లు. పచ్చి ముక్కలైతే ట్రేలో ఒకేసారి 300, 400 గ్రాములకు మించి పట్టవు. కేజీకి మూడు వాయిలు, వాయికి ఎనిమిది గంటలు వేసుకుంటే 17 యూనిట్ల దాకా కాలుతుంది. చేతికొచ్చేది 140 గ్రాముల ఒరుగులు! పైగా గాలివాన రోజు కరెంటే ఉండకపోవచ్చు.

నిజామాబాద్ మార్కెట్‌కు ఆమ్‌చూర్ తెచ్చే రైతులు కూడా ముక్కలను ఎండలోనే ఆరబెడతారు. అక్కడ తెల్లగా ఉన్న సరుకుకు మంచి ధర వస్తుంది. వానకు తడిసి నల్లబడితే రేటు పడిపోతుంది. మనకు ఇంట్లో పప్పు రుచి పోతుంది, వాళ్లకు ఆ సీజన్ డబ్బే పోతుంది.

మెంతికూర, పచ్చిమిర్చికి ఇదే రూలా?

కాదు. మెంతాకును నేరుగా ఎండలో పెడితే రంగు, వాసన పోతాయి. నీడలో గాలి తగిలేలా ఆరబెట్టాలి. ఓవెన్ అయితే 50 డిగ్రీలు దాటొద్దు. ఉప్పు మజ్జిగలో ఊరిన చల్ల మిరపకాయలకు మాత్రం ఎండే సరి. ఓవెన్‌లో పెడితే ఆ ఘాటుకు ఇల్లంతా దగ్గే.

డబ్బాలో పోసే ముందు..

ఎండినా, ఓవెన్‌లోంచి తీసినా పూర్తిగా చల్లారాకే నింపాలి. మొదటి వారం గాజు సీసాలో కొంచెం వెలితిగా పోసి రోజూ ఒకసారి కదపండి. లోపలి గోడకు నీటి చుక్కలు కనిపిస్తే ముక్కలు ఇంకా ఎండలేదని అర్థం, మళ్లీ ఆరబెట్టండి. బూజు చుక్క కనిపిస్తే మాత్రం ఆ ఒక్క ముక్క తీసేసి మిగతావి వాడుకోవద్దు, సీసా మొత్తం పారేయాలి. ఉప్పు వేసిన ఒరుగులు తేమను తొందరగా లాగుతాయి. అందుకే జూన్‌లో వానలు మొదలవకముందే ఒక పూట మళ్లీ ఎండ చూపించండి.