డిశ్చార్జ్ వోచరుపై సంతకం: అపోహలు – వాస్తవాలు

క్లెయిమును పరిష్కరించినట్లు తెలుపుతూ బీమా సంస్థ పాలసీదారుకు రాసే ఉత్తరంతో పాటు సాధారణంగా రెండు వస్తాయి. ఒకటి సొమ్ము, అంటే చెక్కు గానీ బ్యాంకు ఖాతాలో జమ చేస్తున్నామన్న సమాచారం గానీ. రెండవది డిశ్చార్జ్ వోచరు అనే పత్రం. ఈ పత్రంలో పాలసీ నంబరు, నష్టం జరిగిన తేదీ, చెల్లించే మొత్తం అంకెల్లోను అక్షరాల్లోను ఉంటాయి; వాటి కింద, ఈ మొత్తాన్ని క్లెయిముకు పూర్తి, తుది పరిష్కారంగా స్వీకరించి సంస్థను సకల బాధ్యతల నుంచి విముక్తం చేస్తున్నట్లు ఒక వాక్యం, ఆ పక్కన రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం చేసే చోటు ఉంటాయి. ఎంత ముడుతుందో అందరూ చూసుకున్నా, ఆ వాక్యాన్ని చివరి దాకా చదివేవారు తక్కువ.

అపోహ: వోచరు అంటే డబ్బు ముట్టినట్లు ఇచ్చే రసీదు మాత్రమే.

వాస్తవం: రసీదు జరిగిన చెల్లింపును ఒప్పుకుంటుంది, వోచరు అంతటితో ఆగక మిగిలిన హక్కును కూడా వదులుకుంటుంది. తనకు రావలసినదానిని పూర్తిగా గానీ కొంత గానీ వదులుకోవడానికి, లేదా దానికి బదులు తనకు సబబని తోచిన మరొకదానిని స్వీకరించడానికి 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 63వ సెక్షను ఎవరికైనా వీలిస్తుంది. పాలసీ కింద పది రూపాయలు రావలసిన వ్యక్తి ఎనిమిది రూపాయలకు ఒప్పుకుని, ఆ ఎనిమిదీ తీసుకుంటే, పాత బాధ్యత స్థానంలో కొత్త ఒప్పందం వచ్చి, అదీ నెరవేరినట్లు చట్టం భావిస్తుంది. మిగిలిన రెండు రూపాయలకు ఆధారమైన పాత బాధ్యతే అప్పటికి ఉండదు.

వదులుకుంటున్నది ఎంతో లెక్క వేసి చూస్తే గానీ తెలియదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్‌ను ముంచెత్తినప్పటి వంటి వరదలో మునిగిన ఒక చిన్న బట్టల దుకాణాన్ని ఉదాహరణగా ఊహించుకోవచ్చు. చిన్న వ్యాపారాల కోసం 2021 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ కింద సరుకుకు 20 లక్షల బీమా ఉంది. తడిసి పాడైన సరుకు విలువ 12 లక్షలు; అందులో తక్కువ ధరకైనా అమ్ముడుపోయే సరుకు విలువను, అంటే సాల్వేజీని, 2 లక్షలుగా తీసివేస్తే నికర నష్టం 10 లక్షలు అవుతుంది. నష్టాన్ని మదింపు వేయడానికి సంస్థ నియమించిన సర్వేయరు, వరద నాటికి దుకాణంలో మొత్తం 25 లక్షల సరుకు ఉందని నిర్ధారించాడు. ఉన్న సరుకు కన్నా తక్కువకు బీమా చేయడాన్ని అండర్ ఇన్సూరెన్స్ అంటారు. అలాంటప్పుడు నష్టాన్ని కూడా ఆ నిష్పత్తిలోనే తగ్గించి చెల్లిస్తారు. 25 లక్షలకు 20 లక్షలు అంటే అయిదింట నాలుగు వంతులు కనుక 10 లక్షలు కాస్తా 8 లక్షలు అయింది. అందులో పాలసీదారు తానే భరించవలసిన వాటా, అంటే ఎక్సెస్, అయిదు శాతం చొప్పున 40,000 పోగా ఉత్తరంలో 7,60,000 రూపాయలు అని వచ్చింది.

చిక్కు ఆ 25 లక్షల దగ్గర ఉంది. వరదకు ముందే సరఫరాదారుకు వాపసు పంపిన 2 లక్షల సరుకును కూడా సర్వేయరు లెక్కలో కలిపాడని, డెబిట్ నోటూ లారీ రసీదూ చూపి యజమాని నిరూపించగలిగితే, సరుకు విలువ 23 లక్షలకు దిగుతుంది. అప్పుడు బీమా లోటు దాదాపు 13 శాతమే. ఈ పాలసీ 15 శాతం లోపు లోటును పట్టించుకోదు కాబట్టి కోతే ఉండదు. 10 లక్షల నుంచి అయిదు శాతం పోగా 9,50,000 రావాలి. సర్వేయరు నివేదిక ప్రతిని అడిగి చూసుకోకుండా 7,60,000కు సంతకం చేసిన యజమాని, రసీదు ఇస్తున్నాననుకుంటూ 1,90,000 రూపాయల వివాదాన్ని మూసివేస్తున్నాడన్న మాట.

అపోహ: వోచరుపై సంతకం చేయకుండా చెక్కు మాత్రం బ్యాంకులో వేసుకుంటే హక్కు పదిలంగా ఉంటుంది.

వాస్తవం: సమ్మతికి సంతకమే అక్కర లేదు, నడవడిక కూడా సమ్మతే కావచ్చు. 2006లో భగవతీ ప్రసాద్ పవన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది బీమా వ్యవహారం కాదు, రైల్వే రవాణా నష్టపరిహారం. కానీ ఉత్తరం తీరు మాత్రం ఇదే. ఈ మొత్తం సమ్మతం కాకపోతే చెక్కు వెంటనే తిప్పి పంపాలని, లేకుంటే తుది పరిష్కారంగా అంగీకరించినట్లే భావిస్తామని రైల్వే రాసింది. వర్తకులు చెక్కును మార్చుకుని, ఆ తర్వాత అభ్యంతరం తెలిపారు. ముందు అభ్యంతరం తెలిపి ఆ పిమ్మట చెక్కు మార్చుకుని ఉంటే సంగతి వేరుగా ఉండేదని, మార్చుకున్నాక రాసిన అభ్యంతరం అప్పటికే కుదిరిన ఒప్పందాన్ని చెరపలేదని కోర్టు తేల్చింది. కనుక సొమ్ముతో వచ్చిన ఉత్తరంలో ఇటువంటి షరతు ఉందా అన్నది మొదట చూడవలసిన విషయం. ఉంటే, పాక్షిక చెల్లింపుగా మాత్రమే తీసుకుంటామని రాసిన జవాబు చెక్కు మార్చుకోకముందే సంస్థకు చేరాలి. ఖాతాలో నేరుగా జమ అయ్యే సొమ్ము విషయంలో పాలసీదారుకు ఆ వ్యవధి దొరకదు కాబట్టి, జమ తెలిసిన రోజునే ఈమెయిలు పంపడం మేలు.

అపోహ: సంతకం చేశాక ఇక ఏ తలుపూ తెరుచుకోదు.

వాస్తవం: ఇది మొదటి అపోహకు పూర్తిగా ఎదురుగా నిలిచినా, అంతే తప్పు. సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలని కాంట్రాక్టు చట్టమే అంటుంది. బలవంతం, అనుచిత ప్రభావం, మోసం, తప్పుదారి పట్టించే మాటల వల్ల పుట్టిన సమ్మతిని, ఇచ్చినవారు రద్దు చేయించుకోవచ్చు. వోచరుపై సంతకం ఉన్నంత మాత్రాన వినియోగదారుడు ఫిర్యాదు చేసే హక్కు పోదని, అయితే ఈ కారణాల్లో ఏదో ఒకటి నిరూపించాలని 1999లో అజ్మీర్ సింగ్ కాటన్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాలసీదారులు న్యాయస్థానాలకు వెళ్లినప్పుడు సంస్థలు ఈ వోచర్లనే అడ్డు పెడుతున్నాయన్న ఫిర్యాదులు పెరగడంతో, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2015 సెప్టెంబరు 24న ఒక సర్క్యులరు ఇచ్చి, వోచరుపై సంతకం చేసినా, ఎక్కువ పరిహారం కోరుతూ న్యాయస్థానాలను గానీ చట్టం ఏర్పరచిన ఇతర వేదికలను గానీ ఆశ్రయించే హక్కు పాలసీదారుకు పోదని స్పష్టం చేసింది. తలుపు తెరిచే ఉంటుందని దీని అర్థం. లోపల గెలుపు ఖాయమని కాదు.

అపోహ: డబ్బుకు కటకటగా ఉండి సంతకం చేశానంటే కోర్టు నమ్ముతుంది.

వాస్తవం: ఎక్కువ క్లెయిములు ఓడిపోయేది ఇక్కడే. 2008లో తీర్పు వెలువడిన బొఘారా పాలీఫాబ్ కేసు ఈ విషయంలో ఇప్పటికీ మూలస్తంభం. సూరత్‌లో వరద నష్టానికి సంబంధించిన ఆ వ్యవహారంలో, సొమ్ము చెల్లించకముందే తేదీ లేని వోచరు తీసుకున్నారని, అది ఇస్తే తప్ప డబ్బు రాదన్నారని పాలసీదారు సంస్థ వాదించింది. కోర్టు రెండు పరిస్థితులను వేరు చేసి చూపింది. తాను ఒప్పుకున్న మొత్తాన్ని కూడా వోచరు ఇస్తేనే చెల్లిస్తానని బీమా సంస్థ బిగబట్టుకుని కూర్చుంటే అది ఆర్థికమైన బలవంతం. అలా వచ్చిన సంతకం కట్టిపడేయదు. అలా కాక, పెద్ద మొత్తం అడిగిన క్లెయిముదారు బేరసారాల తర్వాత, బ్యాంకు వడ్డీ పెరుగుతోందనో వ్యాజ్యం సాగుతుందనో ఆలోచించి, తక్కువకు తానే ఒప్పుకుంటే, ఆ అవసరం ఎంత గట్టిదైనా ఒప్పందం నిలుస్తుంది. ఒత్తిడి అవతలి పక్షం నుంచి వచ్చిందా, సొంత పరిస్థితి నుంచి వచ్చిందా అన్నదే గీటురాయి. ఇది కొందరికి కఠినంగా తోచవచ్చు గానీ, అవసరంలో కుదిరిన ప్రతి రాజీనీ తిరగదోడే వీలుంటే రాజీకి ఎవరూ ముందుకు రారన్నదీ నిజమే.

బలవంతం జరిగిందని ఊరికే అన్నా చాలదు. జీనస్ పవర్ కేసులో పాలసీదారు సంస్థ సంతకం చేసిన దాదాపు మూడు వారాలకు గానీ ఆ మాట ఎత్తలేదు. ఎవరు, ఎప్పుడు, ఎలా ఒత్తిడి తెచ్చారో వివరాలూ లేవు. ఆధారం లేని ఆరోపణగా సుప్రీంకోర్టు దానిని తోసిపుచ్చింది. కనుక పైన చెప్పిన దుకాణదారుకు కోర్టులో పనికివచ్చేవి, సర్వేయరు లెక్కను ప్రశ్నిస్తూ సంతకానికి ముందు రాసిన ఉత్తరం, వోచరు ఇస్తేనే డబ్బు అంటూ సంస్థ పంపిన జవాబు, సంతకం చేసిన రోజో మర్నాడో పంపిన అభ్యంతరం. వోచరు మీదనే ‘అభ్యంతరంతో స్వీకరించడమైనది’ అని రాయడం మంచిదే. అయితే అటువంటి రాత ఉన్న వోచరును కార్యాలయాలు తిప్పి పంపడం కద్దు. అప్పుడు అదే మాటను విడి ఉత్తరంలో రాసి, అందినట్లు ముద్ర వేయించుకోవాలి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి.

అపోహ: సంతకం చేయకపోతే సంస్థ పైసా కూడా ఇవ్వనక్కర లేదు.

వాస్తవం: చెల్లించవలసిన బాధ్యత, దాని మొత్తం రెండూ తేలిన తర్వాత సొమ్మును ఆపి ఉంచరాదని 2015 సర్క్యులరే సంస్థలను ఆదేశించింది. ఉదాహరణలోని 7,60,000 మీద తగవు లేదు. తగవు పైన ఉన్న 1,90,000 మీదనే. వివాదం లేని మొత్తాన్ని విడుదల చేయమని, మిగిలినదానిపై హక్కును నిలుపుకుంటున్నామని రాతపూర్వకంగా అడిగినప్పుడు సంస్థ నిరాకరిస్తే, ఆ నిరాకరణే రేపు బలవంతానికి సాక్ష్యం అవుతుంది.

అపోహ: రెవెన్యూ స్టాంపు మీద సంతకం పడితే అది తిరుగులేని పత్రం.

వాస్తవం: అయిదు వేల రూపాయలకు మించిన రసీదు మీద చెల్లించవలసిన ఒక రూపాయి సుంకం అది, సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చారో లేదో ఆ స్టాంపు చెప్పదు.

తక్కువ చెల్లించారని భావించే పాలసీదారు ముందుగా సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల లోపు జవాబు రాకపోయినా, వచ్చినది తృప్తిగా లేకపోయినా, ఆనాటి నుంచి ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌ను రుసుము లేకుండా ఆశ్రయించవచ్చు. వ్యక్తులతో పాటు సొంత యాజమాన్యంలోని దుకాణాలకు, సూక్ష్మ సంస్థలకు కూడా ఈ వీలుంది. అంబుడ్స్‌మన్ 50 లక్షల వరకు పరిహారం ఇప్పించగలరు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లేవారికి గడువు రెండేళ్లు. అదే వివాదం కోర్టులో గానీ కమిషన్‌లో గానీ నడుస్తుంటే అంబుడ్స్‌మన్ దానిని స్వీకరించరు కాబట్టి, ఎక్కడికి వెళ్లాలో మొదటి ఏడాదిలోనే తేల్చుకోవాలి.