పై అధికారికి నివేదించడం: నింద ధ్వనించకుండా నోట్ రాసే పద్ధతి

కార్యాలయంలో పని ఆగినప్పుడు మొదట సహోద్యోగిని, తర్వాత మీ సూపరింటెండెంటును అడుగుతారు. అప్పటికీ కదలకపోతే సూపరింటెండెంటు పై అధికారికి నివేదించాల్సి వస్తుంది. ఆ నోట్ ఎలా ఉండాలో ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం.

మీరు జిల్లా సంక్షేమ కార్యాలయంలో బిల్లులు చూసే జూనియర్ అసిస్టెంటు అనుకుందాం. వసతి గృహానికి పాలు పోసే వ్యాపారి జనవరి బిల్లు ఇచ్చారు. పాలు అందినట్లు స్టోర్స్ విభాగం ధ్రువీకరిస్తేనే దాన్ని చెల్లింపుకు పంపగలరు. ఫిబ్రవరి 5న బిల్లును ఆ విభాగానికి పంపారు. 14న, 21న గుర్తుచేశారు. 24న సూపరింటెండెంటుకు చెప్పారు. మార్చి 10 వచ్చినా ధ్రువీకరణ రాలేదు. మార్చి 31తో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది. ఆలోగా చెల్లించకపోతే ఈ ఏటి కేటాయింపు మురిగిపోతుంది. ఇక్కడ గడువే మీరు పైకి వెళ్లడానికి కారణం.

ముందుగా సూపరింటెండెంటుతో ఇలా చెప్పండి: "సార్, గడువు దగ్గరపడింది. అధికారి గారి ఆదేశం కోరుతూ నోట్ పెడతాను. మీ ద్వారానే పంపుతాను." సహోద్యోగికీ ఆ మాట చెప్పండి. చాలాసార్లు ఈ దశలోనే అసలు అడ్డంకి బయటపడుతుంది.

ఇప్పుడు ఈ వాక్యం చూడండి: "ఎన్నిసార్లు అడిగినా స్టోర్స్ అసిస్టెంటు కనీసం సమాధానం కూడా ఇవ్వలేదు." ఇందులో "ఎన్నిసార్లు అడిగినా", "కనీసం", "కూడా" అనే మాటలు సమాచారం ఇవ్వవు, కోపాన్ని మాత్రమే తెలుపుతాయి. "ఇవ్వలేదు" అంటే దృష్టి మనిషి మీదికి పోతుంది. "అందలేదు" అంటే కాగితం మీద నిలుస్తుంది. అయితే ఫైలు ఎక్కడ ఉందో దాచకూడదు. వ్యక్తి పేరుకు బదులు విభాగం పేరు రాయండి. ఆలస్యానికి కారణాన్ని ఊహించి రాయవద్దు.

నోట్ ఇలా ఉండవచ్చు:

"జనవరి పాల బిల్లు ఫిబ్రవరి 5న ధ్రువీకరణ కోసం స్టోర్స్ విభాగానికి పంపడమైనది. 14, 21 తేదీల్లో గుర్తుచేయడమైనది. 24న సూపరింటెండెంటు గారి దృష్టికి తేవడమైనది. ధ్రువీకరణ ఇంకా అందలేదు. మార్చి 31లోగా చెల్లింపు జరగాలంటే 17వ తేదీకల్లా ఇది అందవలసి ఉంది. ఆ విభాగానికి రిజిస్టర్ల పరిశీలనలో సహాయం అవసరమైతే నేను అందించగలను. తగిన ఆదేశాలు కోరుతున్నాను."

పంపే ముందు ఒక పరీక్ష చేయండి: ఆ సహోద్యోగి ఎదుట దీన్ని గట్టిగా చదవగలరా? ఏ మాట దగ్గర గొంతు తగ్గుతుందో ఆ మాట మార్చండి.

ఈ పద్ధతి ఆలస్యాలకే వర్తిస్తుంది. నిధుల దుర్వినియోగం, వేధింపు వంటి విషయాల్లో ఎవరు ఏమి చేశారో స్పష్టంగా రాయాలి. అక్కడ "అందలేదు" వంటి మాటలు వాస్తవాన్ని కప్పిపుచ్చుతాయి.

అభ్యాసం: "ఆయన నిర్లక్ష్యం వల్లే బిల్లు ఆగింది" అనే వాక్యాన్ని తేదీ, విభాగం, గడువు వచ్చేలా తిరిగి రాయండి.