కొట్టు మూసేటప్పుడు భాగస్వామి అప్పు ఏ ఖాతాలో రాయాలి?

పొత్తు వ్యాపారం విడిపోయేటప్పుడు సరుకు దగ్గరా, బల్లల దగ్గరా వచ్చే తగాదాలు పెద్దమనుషులు కూర్చుంటే తీరిపోతాయి. తీరనిది మరొకటి ఉంది. ఇద్దరిలో ఒకరు పెట్టుబడి కాక, అవసరానికి కొట్టుకు అప్పుగా ఇచ్చిన డబ్బు. దాన్ని లెక్కలో ఎక్కడ రాశారన్నదాన్ని బట్టి, ఎవరి జేబులోంచి ఎంత పోతుందో మారిపోతుంది.

ఇద్దరు తోడల్లుళ్ళు కలిసి హార్డ్‌వేర్ కొట్టు నడిపారనుకుందాం. లాభనష్టాల్లో పెద్దాయనకు 3 వాటాలు, చిన్నాయనకు 2. పెద్దాయన మూలధనం 4 లక్షలు, చిన్నాయనది 2 లక్షలు. సరుకు ఇచ్చిన హోల్‌సేల్ వ్యాపారులకు 3 లక్షలు బాకీ. పెద్దాయన భార్య తన సొంత డబ్బు లక్ష రూపాయలు కొట్టుకు అప్పిచ్చింది. చిన్నాయన పెట్టుబడి కాక లక్షన్నర అప్పిచ్చాడు. ఆస్తుల వైపు చూస్తే సరుకు 5 లక్షలు, అరువు తీసుకున్నవాళ్ళ నుంచి రావలసినవి 3 లక్షలు, ట్రాలీ ఆటో 2 లక్షలు, ర్యాకులూ కాటాలూ లక్ష, గల్లాలోనూ బ్యాంకులోనూ కలిపి 50 వేలు.

ఇప్పుడు కొట్టు మూయాలి. అందుకు తెరిచేదే రియలైజేషన్ ఖాతా. ఆస్తులు అమ్మి, బయటి అప్పులు తీర్చే ఆ ఒక్క పనికోసం పుట్టి, అది అయిపోగానే మూతపడే ఖాతా ఇది. నగదు తప్ప మిగతా ఆస్తులన్నీ పుస్తకంలో ఉన్న ధరకు, అంటే 11 లక్షలకు, దీని ఖర్చు వైపు చేరతాయి. బయటివాళ్ళ బాకీలు 4 లక్షలు జమ వైపు చేరతాయి. పెద్దాయన భార్య ఇచ్చిన లక్ష కూడా ఇందులోనే ఉంటుంది. ఇంటి మనిషే అయినా ఆమె భాగస్వామి కాదు కాబట్టి, చట్టం కంటికి ఆమె కూడా హోల్‌సేల్ వ్యాపారిలాగే బయటి మనిషి.

ఆ తర్వాత అమ్మకం. మేకులు కొన్ని తుప్పు పట్టాయి, రంగు డబ్బాలు కొన్ని గట్టిపడ్డాయి. సరుకుకు 4 లక్షలే వచ్చాయి. అరువు బాకీల్లో 2 లక్షల 40 వేలు వసూలయ్యాయి. ర్యాకులకు 60 వేలు పలికింది. ట్రాలీ ఆటోను పెద్దాయన లక్షా 20 వేలకు తానే తీసుకున్నాడు. ఆయన నగదు ఇవ్వనక్కర్లేదు. ఆ మొత్తాన్ని రియలైజేషన్ ఖాతాకు జమ చేసి, ఆయన మూలధనంలోంచి తగ్గిస్తే చాలు. హోల్‌సేల్ వాళ్ళు 10 వేలు తగ్గించుకుని 2 లక్షల 90 వేలకు ఒప్పుకున్నారు. కూలీలు, ఆడిటరు ఫీజు, ప్రకటన ఇలా మూసివేత ఖర్చులు 30 వేలయ్యాయి. అన్నీ కలిపి చూస్తే రియలైజేషన్ ఖాతాలో 3 లక్షల నష్టం తేలుతుంది. పెద్దాయన వాటా లక్షా 80 వేలు, చిన్నాయన వాటా లక్షా 20 వేలు. బయటి బాకీలు, ఖర్చులు పోగా చేతిలో 3 లక్షల 30 వేల నగదు మిగులుతుంది. అందులోంచి ముందు చిన్నాయన అప్పు లక్షన్నర తీర్చాలి. మిగిలిన లక్షా 80 వేలలో పెద్దాయన మూలధనం కింద లక్ష, చిన్నాయన మూలధనం కింద 80 వేలు. అక్కడితో గల్లా ఖాళీ.

ఈ వరుస ఎవరి ఇష్టాన్ని బట్టీ వచ్చింది కాదు. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం 48వ సెక్షన్ చెప్పిందే. భాగస్వాములు వేరే ఒప్పందం రాసుకోకపోతే ముందు బయటివాళ్ళ బాకీలు, తర్వాత భాగస్వాములు ఇచ్చిన అప్పులు, ఆ తర్వాతే మూలధనాలు. ఇంకా మిగిలితే లాభాల వాటా ప్రకారం పంచుకోవాలి. భాగస్వామి అప్పు రియలైజేషన్ ఖాతాలోకి రాకూడదనేది ఇందుకే. దానికి సొంత ఖాతా ఉంటుంది. బయటి బాకీలు తీరాక నేరుగా నగదుతో అది మూతపడుతుంది.

“ఎందులో రాస్తే ఏమిటి, అప్పు తీరితే చాలదా?” అని అడిగేవాళ్ళుంటారు. అప్పు పూర్తిగా తీరినప్పుడు నిజంగానే తేడా రాదు. డబ్బు చాలనప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. అదే కొట్టులో సరుకుకు 4 లక్షలు కాక 2 లక్షలే వచ్చాయనుకోండి. నష్టం 5 లక్షలవుతుంది. పెద్దాయన మూలధనం 4 లక్షల్లోంచి నష్టం 3 లక్షలు, ఆటో లక్షా 20 వేలు పోగా, ఆయనే కొట్టుకు 20 వేలు బాకీ పడతాడు. చిన్నాయన మూలధనం సరిగ్గా సున్నా. గల్లాలో మిగిలింది లక్షా 30 వేలు. చిన్నాయన అప్పు తీరడానికి 20 వేలు తక్కువ. ఆ 20 వేలు పెద్దాయన ఇంటి నుంచి తెచ్చి కట్టాలి. అప్పుడు చిన్నాయనకు లక్షన్నర పూర్తిగా అందుతుంది.

అప్పును పొరపాటున రియలైజేషన్ ఖాతాలో కలిపేస్తే ఏమవుతుందో చూడండి. లక్షన్నర జమ అయింది, చెల్లించింది లక్షా 30 వేలు. తక్కువైన 20 వేలు ఆ ఖాతాలో లాభంలా కనిపిస్తుంది. హోల్‌సేల్ వ్యాపారి తగ్గించుకున్న 10 వేల లాగే ఇది కూడా ఇద్దరికీ పంచబడుతుంది. పెద్దాయన బాకీ 20 వేల నుంచి 8 వేలకు తగ్గిపోతుంది. ఆ 8 వేలు చిన్నాయనకు మూలధనం కింద వస్తాయి. అంటే లక్షన్నర రావలసిన మనిషికి మొత్తం మీద లక్షా 38 వేలే. మాట్లాడకుండా 12 వేలు ఒక జేబులోంచి మరో జేబులోకి పోయాయి. పైగా ఖాతాలన్నీ పైసాతో సహా సరిపోతాయి. లెక్క కుదిరింది కదా అని నమ్మితే ఈ తప్పు ఎప్పటికీ దొరకదు. దొరకాలంటే ఒకటే దారి. రియలైజేషన్ ఖాతా జమ వైపు చూడాలి. అక్కడ భాగస్వామి పేరున అప్పు కనిపిస్తే ఆ లెక్కను మళ్ళీ రాయించాలి.

మూసివేత ఖర్చుల్లో చిక్కు వేరే రకం. ఇక్కడ ఎవరు చెల్లించారన్నది ఒకటి, ఎవరు భరించాలన్నది మరొకటి. 30 వేలు గల్లాలోంచి ఇస్తే రియలైజేషన్ ఖాతాకు ఖర్చు రాస్తే సరిపోతుంది. కొట్టు తరఫున పెద్దాయన తన జేబులోంచి ఇస్తే, అదే ఖర్చు రాసి, ఆయన మూలధనానికి 30 వేలు జమ చేయాలి. మూడో పద్ధతి దగ్గరే తరచూ పొరపాటు జరుగుతుంది. “అన్నయ్యా, ఈ పనంతా మీరే చూడండి, ఖర్చులతో సహా 25 వేలు తీసుకోండి” అని చిన్నాయన ఒప్పుకున్నాడనుకుందాం. అప్పుడు రియలైజేషన్ ఖాతాకు ఖర్చు పడేది ఆ 25 వేలే. అది పెద్దాయనకు జమ. నిజంగా అయిన 30 వేలు ఆయన సొంత భారం. ఆ డబ్బు గల్లాలోంచి తీసి ఇచ్చి ఉంటే, 30 వేలూ ఆయన మూలధనంలోంచి తగ్గించాలి. గుమాస్తా రెండూ కలిపి 55 వేలు ఖర్చు రాసేస్తే నష్టం 30 వేలు పెరుగుతుంది. అందులో చిన్నాయన వాటా 12 వేలు. ప్రతిఫలంలో ఖర్చులు కలిసి ఉన్నాయా, విడిగానా అన్న ఒక్క మాట అమ్మకం మొదలుపెట్టకముందే కాగితం మీద పడి, ఇద్దరి సంతకాలూ ఉంటే ఈ తగాదా పుట్టదు.

మీకు పొత్తు వ్యాపారం ఉంటే, అది బాగా నడుస్తున్న ఈ రోజుల్లోనే ఒకసారి ఆవర్జా తీసి చూడండి. అవసరానికి మీరు తెచ్చి పోసిన డబ్బు మూలధనం పేజీలో ఉందో, అప్పు పేజీలో ఉందో చూసుకోండి. మీ ఇల్లాలు ఇచ్చిన డబ్బయితే అది ఆమె పేరునే ఉండాలి. తప్పుగా ఉంటే మీ భాగస్వామి ఎదుటే ఈ వారమే సరిచేయించి, ఇద్దరూ సంతకాలు పెట్టండి.