ఇరవై సెకన్ల లెక్క

రిఫైనరీల్లో, విద్యుత్ కేంద్రాల్లో, గ్యాస్ పైపులైన్లలో వేల కొద్దీ వెల్డింగు అతుకులుంటాయి. అతుకు లోపల గుల్ల పడిందో, సన్నటి పగులు దాగుందో పైకి చూస్తే తెలియదు. అందుకని పైపుకు ఒకవైపు ఫిల్మ్ కట్టి, రెండోవైపు గామా కిరణాలిచ్చే పదార్థాన్ని ఉంచి, ఎక్స్‌రే తీసినట్టు అతుకును ఫొటో తీస్తారు. దీన్నే రేడియోగ్రఫీ అంటారు. ఎక్కువగా వాడేది ఇరిడియం-192. రెండు మూడు మిల్లీమీటర్ల గుళిక అది. స్టీలు తొడుగులో పెట్టి, మూతిని వెల్డింగుతో మూసేస్తారు. సీల్డ్ సోర్సు అంటే ఇదే.

తొడుగు చెక్కుచెదరనంతవరకు అందులోని పదార్థం బయటికి రాదు. చేతికంటదు, గాలిలో కలవదు. బయటికొచ్చేవి కిరణాలు మాత్రమే. అవి తగిలిన మనిషి తానే రేడియోధార్మికంగా మారిపోడు. కాబట్టి ఈ పనిలో ప్రమాదం ఒక్కటే: సోర్సుకు ఎంత దగ్గరగా, ఎంతసేపు, మధ్యలో ఏ అడ్డూ లేకుండా ఉన్నాం అన్నది. సమయం, దూరం, షీల్డింగ్ అని రేడియోగ్రాఫర్లకు మొదటిరోజే నేర్పే మూడు సూత్రాలూ ఇక్కణ్ణుంచే వచ్చాయి. ఈ మూడింటి బలం సమానం కాదు. ఏది ఎక్కడ ఎంత పనిచేస్తుందో ఒక రాత్రి పనిని లెక్కేస్తే బోధపడుతుంది.

ముందు దూరం సంగతి. గాలిబుడగను ఊదేకొద్దీ రబ్బరు పలచబడుతుంది. బుడగ వ్యాసం రెట్టింపైతే ఉపరితలం నాలుగింతలవుతుంది, అదే రబ్బరు నాలుగో వంతు మందానికి సాగుతుంది. చిన్న సోర్సు నుంచి అన్ని దిక్కులకూ వెళ్లే కిరణాలదీ అదే తీరు. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతు, మూడింతలైతే తొమ్మిదో వంతు, పదింతలైతే నూరో వంతు. పాఠ్యపుస్తకాల్లో దీన్ని విలోమ వర్గ నియమం అంటారు.

ఇప్పుడు 20 క్యూరీల ఇరిడియం సోర్సుతో రాత్రిపూట పది ఫిల్ములు తీయాల్సిన ఆపరేటర్‌ను ఊహించుకుందాం. ఒక్కో ఫిల్ముకు అయిదు నిమిషాలు పడుతుందనుకుందాం. అడ్డేమీ లేకపోతే ఈ సోర్సు ఒక మీటరు దూరంలో గంటకు సుమారు 100 మిల్లీసీవర్టుల మోతాదు ఇస్తుంది. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి ఇలాంటి కార్మికుడికి విధించిన పరిమితి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు. ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. అంటే సోర్సుకు మీటరు దూరంలో పన్నెండు నిమిషాలు నిలబడితే ఏడాది కోటా అయిపోతుంది.

అందుకే సోర్సును చేత్తో ముట్టుకోరు. పని లేనప్పుడు అది ‘కెమెరా’ అనే బరువైన పెట్టెలో ఉంటుంది. పెట్టె లోపల సీసం కన్నా సాంద్రమైన యురేనియం దిమ్మ ఉంటుంది. అణు ఇంధనానికి పనికిరాని రకం యురేనియం అది. సోర్సుకు వెనక పిగ్‌టెయిల్ అనే చిన్న తీగ ఉంటుంది. దానికి పొడవాటి డ్రైవ్ కేబుల్ తగిలిస్తారు. పది మీటర్ల అవతల నిలబడి హ్యాండిల్ తిప్పితే, సోర్సు కెమెరా నుంచి బయటికి వచ్చి గైడ్ ట్యూబ్ గుండా అతుకు దాకా వెళ్తుంది.

పది మీటర్లంటే నూరో వంతు, అంటే గంటకు 1 మిల్లీసీవర్టు. తక్కువే అనిపిస్తుంది. కానీ మన ఆపరేటర్ హ్యాండిల్ దగ్గరే నిలబడిపోతే పది ఫిల్ములకు యాభై నిమిషాలు. ఆ రాత్రికి 0.83 మిల్లీసీవర్టు. అలా 24 రాత్రులు పనిచేస్తే ఏడాది కోటా పూర్తి. పది మీటర్ల కేబుల్ ఒక్కటే అతణ్ణి కాపాడలేదు.

అతను రెండు పనులు చేస్తాడు. ఒకటి, గైడ్ ట్యూబ్ చివర టంగ్‌స్టన్‌తో చేసిన కొలిమేటర్ బిగిస్తాడు. అతుకు వైపు మాత్రం తెరిచి ఉంచి, మిగతా దిక్కుల్లో కిరణాలను అది పదహారో వంతుకు తగ్గిస్తుందనుకుందాం. రెండు, సోర్సు కొలిమేటర్‌లోకి చేరగానే హ్యాండిల్ వదిలి మరో పది మీటర్లు వెనక్కి నడుస్తాడు. ఇరవై మీటర్ల దగ్గర తీవ్రత మరో నాలుగో వంతు అవుతుంది. గంటకు 1000 మైక్రోసీవర్టులు కాస్తా సుమారు 16కు పడిపోతాయి. అయిదు నిమిషాలకు అతనికి తగిలేది 1.3 మైక్రోసీవర్టులు.

కానీ లెక్క ఇంకా ముగియలేదు. కెమెరా నుంచి కొలిమేటర్ దాకా వెళ్లేటప్పుడూ, తిరిగి వచ్చేటప్పుడూ సోర్సుకు ఏ అడ్డూ ఉండదు. ఆపరేటర్ అప్పుడు హ్యాండిల్ తిప్పుతూ పది మీటర్ల దూరంలోనే ఉంటాడు. వెళ్లడానికి పది, రావడానికి పది, మొత్తం ఇరవై సెకన్లు. ఈ ఇరవై సెకన్లలో తగిలేది 5.6 మైక్రోసీవర్టులు. అయిదు నిమిషాల ఫొటో కన్నా ఇరవై సెకన్ల రాకపోకలే నాలుగింతలు ఎక్కువ మోతాదు ఇస్తున్నాయి! ఒక ఫిల్ముకు మొత్తం 7 మైక్రోసీవర్టులు, రాత్రికి 70. హ్యాండిల్ దగ్గరే నిలబడినవాడితో పోలిస్తే పన్నెండో వంతు. ఇక ఇంకా తగ్గించాలంటే మరింత దూరం నడవడం కన్నా హ్యాండిల్‌ను ఆగకుండా, తడబడకుండా తిప్పడమే మేలు. సమయం అనే సూత్రం పదును తేలేది ఇక్కడే.

తాడు కట్టడానికీ ఇదే లెక్క. దారిన పోయేవాళ్లు రాకుండా గంటకు 10 మైక్రోసీవర్టుల దగ్గర హద్దు గీయాలనుకుందాం. కొలిమేటర్ లేకపోతే ఆ హద్దు నూరు మీటర్ల దూరంలో పడుతుంది. కొలిమేటర్ పెడితే పాతిక మీటర్లు చాలు. పదహారింతల అడ్డు పెడితే దూరం నాలుగింతలే తగ్గిందేమిటంటే, అదే వర్గమూలం మహిమ. కిరణాలు తెరిచి ఉన్న దిక్కున మాత్రం ఈ రాయితీ లేదు. అందుకే ఆ ముఖాన్ని నేల వైపో, మనుషులు లేని వైపో తిప్పుతారు.

అడ్డు విషయంలో ఒక అపోహ ఉంది. ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో వేసుకునే సీసపు ఏప్రన్ ఇక్కడా కాపాడుతుందని కొందరనుకుంటారు. ఇరిడియం కిరణాలను సగానికి తగ్గించాలంటే దాదాపు 5 మిల్లీమీటర్ల సీసం కావాలి. ఏప్రన్‌లో ఉండేది అర మిల్లీమీటరు. తగ్గేది ఏడు శాతమే. ఆ బరువుతో పని కాస్త నెమ్మదించినా లాభం కన్నా నష్టమే ఎక్కువ. అదే 5 సెంటీమీటర్ల సీసపు దిమ్మ అయితే తీవ్రతను సుమారు వెయ్యో వంతుకు దించేస్తుంది. అడ్డు బలం మందాన్ని బట్టి ఉంటుంది తప్ప అది సీసం అన్న పేరును బట్టి కాదు.

విలోమ వర్గ నియమానికీ హద్దులున్నాయి. సోర్సు చుక్కలాంటిదైతేనే అది సరిగ్గా వర్తిస్తుంది. పక్కనే గోడో, ఇనుప ట్యాంకో ఉంటే వాటికి తగిలి చెదిరిన కిరణాలు లెక్కకు మించి వస్తాయి. అందుకే కాగితం మీది లెక్క ప్రణాళికకే. మాటల్లో కాదు, మీటరులో చూసి నమ్మాలి.

మీటరు అసలు అవసరం ఎక్కడొస్తుందంటే, సోర్సు వెనక్కి రానప్పుడు. పిగ్‌టెయిల్‌కూ కేబుల్‌కూ ఉన్న కొక్కెం సరిగా పడకపోతే, హ్యాండిల్ మామూలుగానే తిరుగుతుంది, కేబుల్ వెనక్కి వస్తుంది, సోర్సు మాత్రం ట్యూబ్‌లోనే ఉండిపోతుంది. కంటికి తేడా తెలియదు. హ్యాండిల్ దగ్గరున్న సర్వే మీటరు చెబుతుంది. సోర్సు బయటికి రాగానే ముల్లు పైకి లేస్తుంది, కొలిమేటర్‌లో చేరగానే పడుతుంది, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ లేచి, కెమెరాలోకి వెళ్లాక పూర్తిగా పడిపోవాలి. ఈ వరుసలో ఏది తప్పినా సోర్సు బయటే ఉందని అనుకోవాలి. వరుస సరిగా ఉన్నా, మీటరు చేత పట్టుకునే కెమెరా దగ్గరికి వెళ్లి, చుట్టూ చూసి, గైడ్ ట్యూబ్ పొడవునా చివరిదాకా పరీక్షించాలి. ఇక్కడొక మెలిక ఉంది. బ్యాటరీ అయిపోయిన మీటరూ సున్నానే చూపిస్తుంది. కొన్ని మీటర్లు మరీ తీవ్రమైన కిరణాల్లో ఉక్కిరిబిక్కిరై తక్కువ చూపిస్తాయి. అందుకే పని మొదలుపెట్టకముందే మీటరు పనిచేస్తోందని రుజువు చేసుకోవాలి. ఛాతీకి పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జి ఆ క్షణాన ఏమీ చెప్పదు. తగిలిన మోతాదును తర్వాత ప్రయోగశాలలో చదివి చెబుతారు.

ఈ పరీక్ష తప్పితే ఏమవుతుందో పెరూలో తేలింది. 1999 ఫిబ్రవరి 20న అక్కడి యానాంగో జలవిద్యుత్ కేంద్రంలో 37 క్యూరీల ఇరిడియం సోర్సు కెమెరా నుంచి విడిపోయింది. అదేమిటో తెలియని ఒక వెల్డర్ దాన్ని తీసి ప్యాంటు వెనక జేబులో వేసుకున్నాడు. కొన్ని గంటలపాటు అది ఒంటికి ఆనుకునే ఉంది. ఇంటికి కూడా తీసుకెళ్లాడు. ఆ తర్వాత అతని కాలు తీసేయాల్సి వచ్చింది.

మన లెక్క ఇక్కడ ఎంత భయంకరమో చూడండి. మీటరు నుంచి సెంటీమీటరుకు వస్తే దూరం నూరో వంతు, తీవ్రత పదివేల రెట్లు. 20 క్యూరీల సోర్సుకే సెంటీమీటరు దగ్గర సెకనుకు సుమారు 280 మిల్లీసీవర్టులు. ఒక్క నిమిషం వేళ్ల మధ్య పట్టుకుంటే పుండ్లు పడేంత మోతాదు. అయినా ఆ నిమిషంలో వేడి తగలదు, నొప్పి పుట్టదు. చర్మం ఎర్రబడేసరికి రోజులు గడుస్తాయి. అదే సోర్సును మీటరు పొడవున్న పట్టకారుతో అర నిమిషంలో సీసపు డబ్బాలో వేస్తే ఒంటికి తగిలేది మిల్లీసీవర్టులోపే. అయితే ఆ పని శిక్షణ పొందినవాళ్లు ముందు ఖాళీ గుళికతో సాధన చేసి చేయాల్సిందే. ఆపరేటర్ చేయాల్సింది వెనక్కి జరిగి, తాడును ఇంకా దూరంగా కట్టి, రేడియేషన్ భద్రతాధికారిని పిలవడం.

పనిచేసే చోట మూడు రెక్కల రేడియేషన్ గుర్తున్న తాడు కనిపిస్తే దాటకండి. వేలెడంత తీగకు మెరిసే లోహపు మొన ఉన్న వస్తువు నేల మీద కనిపిస్తే ముట్టుకోకండి, కాలితో కూడా కదపకండి. వీలైనంత దూరం జరిగి, ఇతరులను రానీయకుండా ఆపి, అధికారులకు చెప్పండి. పది అడుగుల దూరం నుంచి ముప్ఫై అడుగులకు వెళ్లినా మీకు తగిలేది తొమ్మిదో వంతే.