వార్తల్లో పదం: ఎక్స్‌పెక్టెడ్ షార్ట్‌ఫాల్

‘95 శాతం నమ్మకంతో మా ఒక రోజు వాల్యూ ఎట్ రిస్క్ (వీఏఆర్) 10 లక్షల రూపాయలు’ అని ఓ ఫండ్ చెప్పిందనుకుందాం. నూటికి 95 రోజులు నష్టం 10 లక్షలు దాటదని దాని అర్థం. మిగిలిన 5 రోజుల్లో ఎంత పోతుందో మాత్రం అది చెప్పదు. వీఏఆర్ గీత ఎక్కడుందో చూపిస్తుందే తప్ప, గీత అవతల లోతెంతో చూపించదు.

రెండు ఫండ్ల గత 100 రోజుల లెక్క చూద్దాం. నష్టాలను పెద్దదాని నుంచి చిన్నదానికి పేరిస్తే రెండింటిలోనూ ఆరోది 10 లక్షలే. కాబట్టి వీఏఆర్ ఒకటే. పైనున్న ఐదు నష్టాలు మొదటి ఫండ్‌లో 17, 13, 12, 12, 11 లక్షలు. రెండో దానిలో 100, 45, 28, 15, 12 లక్షలు. ఈ ఐదింటి సగటే ఎక్స్‌పెక్టెడ్ షార్ట్‌ఫాల్. మొదటిదానికి 65ను 5తో భాగిస్తే 13 లక్షలు. రెండోదానికి 200ను 5తో భాగిస్తే 40 లక్షలు. వీఏఆర్ దాచిన తేడా ఇక్కడ బయటపడింది.

రెండో ఫండ్‌లో 100 లక్షల నష్టం 200 లక్షలైనా వీఏఆర్ కదలదు. షార్ట్‌ఫాల్ మాత్రం 60 లక్షలకు చేరుతుంది. అయితే దీనికీ ఓ బలహీనత ఉంది: సగటు కొద్ది రోజుల మీదే ఆధారపడుతుంది కనుక, ఒక్క చెడ్డ రోజు చేరినా, జారినా అంకె బాగా మారిపోతుంది.

2008 సంక్షోభం తర్వాత బాసెల్ కమిటీ 2016లో బ్యాంకుల మార్కెట్ రిస్క్ మూలధనం లెక్కకు 99 శాతం వీఏఆర్ బదులు 97.5 శాతం షార్ట్‌ఫాల్‌ను ఎంచుకుంది. మోడల్ సరిగా పనిచేస్తోందో లేదో తనిఖీ చేయడానికి మాత్రం వీఏఆర్‌నే ఉంచింది.