పేరాలోంచి స్టోరీలోకి: స్పెసిఫికేషన్‌ను విడదీసే పద్ధతి

ఒక సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో ముందుగా రాసుకునే పత్రం ప్రొడక్ట్ స్పెసిఫికేషన్. చాలాచోట్ల ఇది పేరాలుగా సాగే మామూలు వచనంలోనే ఉంటుంది. ప్రోగ్రాం రాసేవారు, దాన్ని పరీక్షించేవారు పని మొదలుపెట్టే ముందు ఈ వచనాన్ని చిన్న చిన్న భాగాలుగా విడదీస్తారు. ఎవరికి ఏం కావాలో, ఎందుకు కావాలో చెప్పే ఒక్కో భాగం యూజర్ స్టోరీ. ఆ భాగం సరిగ్గా పూర్తయిందని దేన్నిబట్టి తేల్చాలో చెప్పేవి యాక్సెప్టెన్స్ క్రైటీరియా, అంటే అంగీకార షరతులు.

యూజర్ స్టోరీలు 1990ల చివర్లో కెంట్ బెక్ రూపొందించిన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ పద్ధతితో వాడుకలోకి వచ్చాయి. అప్పట్లో వాటిని చిన్న అట్టముక్కల మీద చేత్తో రాసేవారు. ‘ఎవరు, ఏం కావాలి, ఎందుకు’ అనే మూడు గళ్ల మూస 2001 ప్రాంతంలో లండన్‌లోని కనెక్స్‌ట్రా అనే సంస్థలో పుట్టింది. అంగీకార షరతులకు వాడే ‘ఉన్న స్థితి, జరిగిన చర్య, రావలసిన ఫలితం’ అనే మూసను ఆ తర్వాత కొన్నేళ్లకు డాన్ నార్త్, క్రిస్ మాట్స్ తీర్చిదిద్దారు.

ఈ మూసలతో వచ్చే అసలు లాభం ఖాళీలు బయటపడటం. వచనంలో ఒక విషయం లోపించినా వాక్యం సాఫీగానే సాగిపోతుంది. మూసలో మాత్రం ఆ గడి ఖాళీగా కనబడుతుంది. అందుకే ఈ పనిలో రాత కన్నా చదవడానికే ఎక్కువ సమయం పడుతుంది.

ఒక పేరా, ఆరు వాక్యాలు

ఊహించుకున్న ఒక బస్సు టికెట్ల యాప్ స్పెసిఫికేషన్‌లో టికెట్టు రద్దు గురించి ఇలా ఉందనుకుందాం. మొదటి పనిగా ప్రతి వాక్యానికీ ఒక అంకె వేశాం.

(1) ప్రయాణికుడు బస్సు బయలుదేరేలోపు ఎప్పుడైనా టికెట్టు రద్దు చేసుకోవచ్చు. (2) 24 గంటల ముందు రద్దు చేస్తే ఛార్జీలో 10 శాతం, ఆ తర్వాతైతే 25 శాతం తగ్గించి మిగతాది వాపసు ఇస్తారు. (3) బయలుదేరడానికి 2 గంటల ముందు నుంచి రద్దుకు వీలుండదు. (4) ఒకే టికెట్టు మీద పలువురుంటే కొందరి సీట్లు మాత్రమే రద్దు చేయవచ్చు. (5) సర్వీసు రద్దయితే సొమ్ము మొత్తం వాపసు ఇవ్వబడుతుంది. (6) రద్దు సమాచారం ప్రయాణికుడికి వెంటనే అందాలి.

చదివితే అంతా స్పష్టంగానే ఉన్నట్టుంటుంది. అంకెలు వేయడం వల్ల రెండు ఉపయోగాలున్నాయి. ఒకటి, ఏ షరతు ఏ వాక్యం నుంచి వచ్చిందో చివర్లో సరిచూసుకోవచ్చు. రెండు, వాక్యాలను విడివిడిగా పక్కపక్కన పెట్టి చూడటం మొదలవుతుంది. అలా చూస్తే 1, 3 వాక్యాలకు పొసగదని తెలుస్తుంది. బయలుదేరేలోపు ఎప్పుడైనా అని ఒకటి చెబుతుంటే, చివరి 2 గంటలూ కుదరదని మరొకటి చెబుతోంది.

ఏది స్టోరీ, ఏది షరతు

తర్వాత ప్రతి వాక్యం ఏ జాతిదో తేల్చాలి. మనిషి చేయాలనుకునే పనిని చెప్పే వాక్యం స్టోరీ అవుతుంది. ఆ పని ఎప్పుడు, ఎంతవరకు చెల్లుతుందో చెప్పే వాక్యం షరతు అవుతుంది. ఈ పేరాలో 1, 4, 5 వాక్యాలు స్టోరీలకు మూలం. 2, 3 వాక్యాలు షరతులు. ఆరోది అన్ని స్టోరీలకూ వర్తించే షరతు.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు వాక్యానికొక స్టోరీ రాయడం. రెండో వాక్యాన్ని ‘మినహాయింపు లెక్కించే స్టోరీ’గా మారిస్తే అది పూర్తయినా ప్రయాణికుడికి ఏమీ దక్కదు. రద్దు చేసుకునే వీలు లేకుండా లెక్క ఒక్కటే ఉండి ప్రయోజనం లేదు. తెర ఒక స్టోరీగా, డేటాబేస్ ఇంకో స్టోరీగా విడదీసినా ఇదే ఇబ్బంది. స్టోరీ ఒక్కటే పూర్తయినా ఎవరో ఒకరికి ఉపయోగపడాలన్నదే కొలమానం.

మన పేరా నుంచి మూడు స్టోరీలు తేలతాయి. ఇంగ్లీషు మూసలో ‘ఎందుకు’ అనేది చివర వస్తుంది. తెలుగులో ప్రయోజనం ముందు, క్రియ చివర వస్తే వాక్యం సహజంగా ఉంటుంది. ఏ వరుసైనా ఫరవాలేదు గాని, పత్రమంతటా ఒకే వరుస ఉండాలి.

స్టోరీ అ: ప్రయాణికుడిగా, ప్రయాణం మానుకున్నప్పుడు సొమ్ము మొత్తం నష్టపోకుండా ఉండేందుకు, టికెట్టును యాప్‌లోనే రద్దు చేసుకోగలగాలి.

స్టోరీ ఆ: పలువురికి కలిపి టికెట్టు తీసిన ప్రయాణికుడిగా, మిగిలినవారి సీట్లు పోకుండా ఉండేందుకు, రానివారి సీట్లు మాత్రమే రద్దు చేసుకోగలగాలి.

స్టోరీ ఇ: ప్రయాణికుడిగా, వేరే బస్సు చూసుకునేందుకు చేతిలో డబ్బుండేలా, సర్వీసు రద్దైనప్పుడు అడగకుండానే సొమ్ము మొత్తం వాపసు పొందాలి.

మూడో స్టోరీలో ఒక చిక్కుంది. ‘ఇవ్వబడుతుంది’ అన్న క్రియ వెనక కర్త కనబడడు. సర్వీసు రద్దైందని యాప్‌కు చెప్పేదెవరు? ప్రయాణికుడు ఏమీ చేయడు కాబట్టి, చర్య అనే గడి ఖాళీగా మిగిలిపోతుంది. అడిగితే డిపో అధికారి అని సమాధానం వచ్చిందనుకుందాం. అప్పుడు ఆ అధికారి వాడే తెర కూడా తయారుచేయాలన్న సంగతి బయటపడుతుంది. స్పెసిఫికేషన్‌లో దాని ఊసే లేదు. ‘బడు’ చేరిన క్రియ కనబడగానే ఆగి, కర్త ఎవరని అడగడం మంచి అలవాటు.

ప్రశ్నలు ముందు, షరతులు తర్వాత

షరతులు రాసే ముందు సందేహాలన్నీ ఒక జాబితాగా రాసి, ఏం కావాలో నిర్ణయించే ప్రొడక్ట్ ఓనర్ ముందుంచాలి. రాసేవారు తమకు తోచిన అర్థం వేసుకుని ముందుకు పోతే, ఆ ఊహ ఒప్పుకున్న షరతు రూపంలో పత్రంలోకి చేరిపోతుంది. తర్వాత దాన్ని ఎవరూ ఊహ అని గుర్తుపట్టలేరు.

మన పేరాలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ‘బయలుదేరడం’ అన్న మాట మీద. బస్సు మొదటి స్టాపు నుంచి రాత్రి 9 గంటలకు కదిలి, ప్రయాణికుడు ఎక్కే స్టాపుకు 9:45కు వస్తుందనుకుందాం. 2 గంటల గడువు ఏ సమయం నుంచి లెక్కించాలి? మొదటిదైతే 7 గంటలకు, రెండోదైతే 7:45కు రద్దు ఆగిపోతుంది. ప్రయాణికుడు ఎక్కే సమయమే లెక్క అని తేలితే, దాన్ని ‘ఎక్కే సమయం’ అన్న ఒకే మాటతో నిర్వచించి, అన్ని షరతుల్లోనూ ఆ మాటే వాడాలి. ఒక చోట బయలుదేరడం, ఇంకో చోట కదలడం, మరో చోట ప్రయాణ సమయం అని రాస్తే మూడూ వేర్వేరు అనుకునే ప్రమాదముంది.

రెండో ప్రశ్న హద్దుల గురించి. సరిగ్గా 24 గంటలుంటే 10 శాతమా, 25 శాతమా? మూడో ప్రశ్న ‘వెంటనే’ అంటే ఎంతసేపు? అంకె లేని మాటను పరీక్షించలేం. జవాబులు ఇలా వచ్చాయనుకుందాం: సరిగ్గా 24 గంటలుంటే 10 శాతమే, సరిగ్గా 2 గంటలున్నా రద్దు చెల్లుతుంది, సమాచారం 1 నిమిషంలోపు ఎస్సెమ్మెస్‌గా వెళ్లాలి, 1, 3 వాక్యాల్లో మూడోదే నిలుస్తుంది. ఈ జవాబుల ప్రకారం మూల స్పెసిఫికేషన్‌ను కూడా దిద్దాలి. లేకపోతే పాత వాక్యం, కొత్త షరతు చెరో మాట చెబుతూ ఉండిపోతాయి.

మూడు గళ్లలో షరతు

ఇప్పుడు స్టోరీ ‘అ’కు షరతులు రాయవచ్చు. గడువు దాటిన సందర్భం ఇలా ఉంటుంది.

స్థితి: ఎక్కే సమయానికి 1 గంట 59 నిమిషాలు ఉంది.
చర్య: ప్రయాణికుడు రద్దు కోరాడు.
ఫలితం: రద్దు జరగదు, టికెట్టు చెల్లుబాటులోనే ఉంటుంది, గడువు దాటిందని తెర మీద కనిపిస్తుంది.

ఒక షరతులో ఒకే చర్య ఉండాలి. రెండు చర్యలుంటే పరీక్ష విఫలమైనప్పుడు తప్పు ఎక్కడ జరిగిందో తెలియదు. ఫలితం బయటివారికి కనబడేదై ఉండాలి. ‘డేటాబేస్‌లో స్థితి మారుతుంది’ అంటే అది తయారీ వివరం. ‘టికెట్టు చెల్లుబాటులోనే ఉంటుంది’ అంటే ఎవరైనా చూసి తేల్చగలరు. ‘ఎర్ర బటన్ నొక్కితే’ అని రాస్తే బటన్ రంగు మారిన రోజున నియమం మారకపోయినా షరతును తిరగరాయాల్సి వస్తుంది. అందుకే బటన్ ఊసెత్తకుండా ‘రద్దు కోరాడు’ అని ఆపేస్తారు.

అంకెలు మాత్రమే మారే సందర్భాలకు ఒక్కోదానికి వేరే షరతు రాయకుండా పట్టిక వాడతారు. గెర్కిన్ అనే రాత పద్ధతిలో ఇందుకు ఏర్పాటుంది. కుకుంబర్ అనే పరీక్షా సాధనం దీన్ని చదువుతుంది. గెర్కిన్‌కు తెలుగు కీలకపదాలు కూడా ఉన్నాయి.

```
# language: te
గుణము: టికెట్టు రద్దు
  కథనం: వాపసు లెక్క
    చెప్పబడినది టికెట్టు ఛార్జీ 800 రూపాయలు
    ఈ పరిస్థితిలో ఎక్కే సమయానికి <గడువు> ఉండగా రద్దు చేస్తే
    అప్పుడు <వాపసు> రూపాయలు వాపసు వస్తాయి
    ఉదాహరణలు:
      | గడువు | వాపసు |
      | 24:00 | 720 |
      | 23:59 | 600 |
      | 02:00 | 600 |
```

పట్టికలోని వరుసలన్నీ హద్దుల మీదే ఉన్నాయి. 30 గంటలు, 10 గంటలు అని మధ్యలోని అంకెలు రాస్తే ప్రోగ్రాం తప్పుగా ఉన్నా పరీక్ష నెగ్గే వీలుంది. ‘24 లేదా అంతకన్నా ఎక్కువ’ అని రాయాల్సిన చోట ‘24 కన్నా ఎక్కువ’ అని రాసిన లోపాన్ని 24:00 వరుస ఒక్కటే పట్టుకుంటుంది.

ఉదాహరణ బయటపెట్టే లోపం

స్టోరీ ‘ఆ’కు షరతు రాయబోతే మరో ప్రశ్న ఎదురవుతుంది. ఒక టికెట్టు మీద 800 చొప్పున ఇద్దరు పెద్దలు, 400 రూపాయల హాఫ్ టికెట్టుతో ఒక చిన్నారి ఉన్నారు. మొత్తం 2,000 రూపాయలు. 30 గంటల ముందు చిన్నారి సీటు రద్దు చేశారు. ఆ సీటు ఛార్జీ మీద లెక్కిస్తే 400లో 40 పోగా 360 వాపసు రావాలి. మొత్తాన్ని మూడు సమభాగాలు చేసి లెక్కిస్తే 600 వస్తాయి. నాలుగో వాక్యం ఏ లెక్కనూ కాదనదు. ‘వాపసు సరిగా ఉండాలి’ అని రాసి వదిలేస్తే ఈ తేడా యాప్ వాడుకలోకి వచ్చాకే తెలుస్తుంది. ఫలితం గడిలో అచ్చమైన అంకె వేయాల్సి రావడం వల్లే ముందుగా దొరికింది.

చివరి పని వెనక్కి సరిచూడటం. 1 నుంచి 6 వరకు ప్రతి వాక్యం ఎదురుగా దాని స్టోరీ లేదా షరతు రాయాలి. ఎదురుగా ఏమీ లేని వాక్యం ఉంటే అది జారిపోయినట్టు. ఏ వాక్యానికీ చెందని షరతు ఉంటే అది ఎవరో కలిపిన ఊహ, లేదా ప్రశ్నకు వచ్చిన జవాబు. జవాబైతే ఎవరు, ఏ రోజున చెప్పారో పక్కన నమోదు చేయాలి. డిపో అధికారి తెర ఇలా జవాబు నుంచి పుట్టిన కొత్త స్టోరీ.

మూసలో ఇమడని వాటిని అందులోకి బలవంతంగా తోయకూడదు. ‘ఎక్కే సమయం’ లాంటి నిర్వచనాలు, ఛార్జీల పట్టికలు, ఈ నియమాలు ఎందుకు పెట్టారన్న నేపథ్యం స్పెసిఫికేషన్‌లోనే వచనంగా ఉండాలి. స్టోరీలు వాటిని చూపిస్తే చాలు.