డే పాస్ ప్రకటనలో మొదటి రెండు లైన్లు

కోవర్కింగ్ స్పేస్‌ల డే పాస్ ప్రకటనలు ఇన్‌స్టాగ్రామ్‌లో చాలావరకు ఒకేలా మొదలవుతాయి. మంచి కాఫీ, మంచి వాతావరణం, కొత్త పరిచయాలు. అసలు సంగతి కింద ఎక్కడో ఉంటుంది. ఫోన్‌లో క్యాప్షన్ మొత్తం ఒకేసారి కనపడదు. మొదటి ఒకటి రెండు లైన్ల తర్వాత ‘more’ నొక్కాలి. ఒక్క రోజుకు డబ్బు కట్టే ఫ్రీలాన్సర్‌కు తెలియాల్సింది ఆ రెండు లైన్లలోనే ఉండాలి: ఏ సీటు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, మొత్తం ఎంత.

ముందు టైము సంగతి. ‘ఫుల్ డే’ అంటే చాలా చోట్ల ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు, ఏడు దాకానే. లండన్ క్లయింట్‌తో పనిచేసేవారికి ఇది సరిపోతుంది. అక్కడ ఉదయం 9 అయ్యేసరికి మనకు వేసవిలో మధ్యాహ్నం 1:30, చలికాలంలో 2:30. న్యూయార్క్ క్లయింట్ అయితే లెక్క తప్పుతుంది. అక్కడ తొమ్మిదయ్యేసరికి మనకు వేసవిలో 6:30, చలికాలంలో 7:30. మాదాపూర్‌లో ఆరింటికి ముగిసే పాస్ కొన్న డిజైనర్ అసలు మీటింగ్ మొదలయ్యేలోపే బ్యాగు సర్దుకోవాలి. రాత్రి దాకా ఉండనిస్తామన్నా ఏసీ సంగతి అడగాలి. సెంట్రల్ ఏసీ ఉన్న కొన్ని భవనాల్లో ఆఫీసు వేళలు దాటాక దాన్ని ఆపేస్తారు.

ఇక సీటు. డే పాస్‌కు సాధారణంగా ఇచ్చేది హాట్ డెస్క్, అంటే హాల్లో ఆ పూట ఖాళీగా ఉన్న కుర్చీ. దాని మీద మీ పేరుండదు, మర్నాటికి సామాను వదిలి రాలేరు. పక్కనే మరో నలుగురు పనిచేసుకుంటుంటారు కాబట్టి గంటసేపు గట్టిగా మాట్లాడే కాల్ అక్కడ కుదరదు. దానికి ఫోన్ బూత్ కావాలి. మీటింగ్ రూముకు చాలా చోట్ల గంట లెక్కన విడిగా తీసుకుంటారు. రోజంతా కాల్స్ ఉన్నవారికి చౌక పాస్ చివరికి ఖరీదవుతుంది.

ఇవన్నీ ఇమిడ్చి క్యాప్షన్ రాయడం కష్టమేమీ కాదు. ₹500 పాస్ ఉందనుకుందాం. 18 శాతం జీఎస్టీ కలిపితే ₹590. అప్పుడు ఇలా రాయొచ్చు:

“డే పాస్ ₹590, జీఎస్టీతో కలిపి. సోమ–శని, ఉదయం 9 – రాత్రి 9. హాల్లో ఖాళీగా ఉన్న ఏ సీటైనా, వైఫై, ప్లగ్ పాయింట్‌తో. కాల్స్‌కు ఫోన్ బూత్ ఉచితం. మీటింగ్ రూముకు విడిగా చార్జీ. వచ్చేముందు సీటు బుక్ చేసుకోండి.”

కాఫీ గురించి ఆ తర్వాత ఎంతైనా రాయొచ్చు. క్యాప్షన్‌లో పెట్టిన లింకు నొక్కితే తెరుచుకోదు కాబట్టి బుకింగ్ లింకును ప్రొఫైల్‌లో పెట్టాలి.

పాస్ కొనేవారికి ఒక్క మాట: ఇందులో ఏది కనపడకపోయినా డబ్బు కట్టేముందు రిసెప్షన్‌కు ఫోన్ చేసి అడగండి. ముఖ్యంగా తలుపులు ఎన్నింటికి మూస్తారో అడగండి.